కారు బుక్ చేసే ముందు సెల్లార్‌లోకి దిగండి

ఎలక్ట్రిక్ కారు షోరూముకి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది, బ్యాటరీ సున్నా నుంచి నూటికి ఎక్కడానికి ఎన్ని గంటలు పడుతుందని. పదిహేను ఆంపియర్ల సాకెట్ మీదైతే పదిహేను గంటలంటాడు సేల్స్ కుర్రాడు. వినగానే గుండె జారుతుంది. వెంటనే గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్ చూపించి, దీంతో అయితే ఆరేడు గంటలే అంటాడు. ప్రాణం కుదుటపడుతుంది, బుకింగ్ అయిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. ఎందుకంటే ఆ ప్రశ్న అపార్ట్‌మెంట్ మనిషి అడగాల్సింది కాదు. రోజూ పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి రోజూ నింపుకునేవాళ్లు ఎవరూ ఉండరు కదా. కారు రాత్రంతా సెల్లార్‌లో ఊరికే నిలబడి ఉంటుంది. ఆ నిలబడిన గంటల్లో మర్నాటి తిరుగుడుకి సరిపడా కరెంటు ఎక్కితే చాలు.

లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో ఇంటి నుంచి ఆఫీసుకి పోనూ రానూ 40 కిలోమీటర్లు అనుకుందాం. మధ్యతరగతి ఎలక్ట్రిక్ కారు ఊళ్లో ఏసీ వేసుకుని తిరిగితే యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు ఇస్తుంది. ఏడు అనుకుంటే రోజుకు ఆరు యూనిట్లలోపు. చార్జ్ చేసేటప్పుడు పదో వంతుకు పైగా వేడిగా పోతుంది కాబట్టి మీటరు మీద ఆరున్నర యూనిట్లు తిరుగుతాయి. కారుతో పాటు ఇచ్చే చేతి చార్జర్, అంటే ఇంట్లో గీజరుకి వాడే 15 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టేది, గంటకు 3.3 యూనిట్లు లాగుతుంది. రెండు గంటల్లో పని అయిపోయింది. ఎప్పుడైనా బ్యాటరీ బాగా దిగిపోయి ఇంటికొచ్చినా, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఏడున్నర దాకా పెడితే 33 యూనిట్లు ఎక్కుతాయి. నష్టం పోను దాదాపు రెండు వందల కిలోమీటర్లు. రోజూ విజయవాడ వెళ్లొచ్చే మనిషైతే తప్ప ఇంతకంటే వేగం అక్కర్లేదు. అంటే సెల్లార్‌లో చూడాల్సింది పెద్ద చార్జర్ పడుతుందా లేదా అని కాదు. నమ్మకంగా, రాత్రంతా, 14–15 ఆంపియర్లు మోయగల ఒక్క సాకెట్ మన కారు ముందుకు వస్తుందా లేదా అన్నదే. ఇది తేలకుండా రంగు గురించి, సన్‌రూఫ్ గురించి మాట్లాడుకోవడం వృథా.

ముందుగా చూడాల్సింది పార్కింగ్ స్థలం. అది మనదేనని కాగితం మీద ఉందా? సేల్ డీడ్‌లో గానీ, బిల్డర్ ఇచ్చిన అలాట్‌మెంట్ లెటర్‌లో గానీ నంబరు ఉండాలి. ఎవరు ముందొస్తే వాళ్లు పెట్టుకునే పద్ధతి ఉన్న చోట, ఒకరి కారు వెనక ఇంకొకరిది పెట్టే చోట, ఏడాదికోసారి చీటీలు వేసి స్థలాలు మార్చుకునే చోట సొంత సాకెట్ అనే మాటే నిలవదు. అద్దెకుండేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కేబుల్ వేయించేది మీరు, గోడ ఓనర్‌ది. ఇల్లు మారితే సాకెట్, మీటర్ బాక్స్ విప్పుకుని పోవచ్చు గానీ గొట్టంలో పరిచిన కేబుల్ అక్కడే వదిలేయాలి. అందుకని ఓనర్ ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి, ఖర్చులో ఆయన వాటా ఎంతో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

స్థలం ఖాయమయ్యాక మీటర్ల ప్యానెల్ దగ్గరికి వెళ్లండి. మన ఫ్లాట్ల మీటర్లన్నీ సాధారణంగా సెల్లార్‌లోనో స్టిల్ట్‌లోనో ఒకే గోడకు వరసగా ఉంటాయి. అక్కడి నుంచి మన స్లాట్‌కి దూరం కంటితో చూస్తే పదిహేను ఇరవై మీటర్లే అనిపిస్తుంది. కానీ కేబుల్ గాలిలో అడ్డంగా రాదు. ప్యానెల్ నుంచి పైకి ఎక్కి, బీమ్ వెంట నడిచి, లిఫ్టు గోడను చుట్టి, ర్యాంపు దాటి, స్తంభం మీదుగా దిగాలి. టేపు పట్టుకుని ఆ దారినే కొలిస్తే ఇరవై మీటర్లు కాస్తా నలభై అవుతుంది. ఈ కొలత మన చేతిలో ఉండాలి. ఎందుకంటే కంపెనీలు ఉచితంగా బిగిస్తామనేది కొన్ని మీటర్ల కేబుల్ వరకే. ఆ పైన మీటరుకి ఇంత అని మన దగ్గరే తీసుకుంటారు.

కేబుల్ మందం విషయంలో అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ మాట యథాతథంగా తీసుకోకండి. "గీజరుకి టూ పాయింట్ ఫైవ్ వేస్తాం సార్, దీనికీ అదే చాలు" అంటాడు. గీజరు పావుగంట నడిచి ఆగిపోతుంది. కారు ఆరేడు గంటలు ఆపకుండా అంతే కరెంటు లాగుతుంది. పైగా గీజరు వైరు పది మీటర్లుంటే ఇది నలభై. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీద 40 మీటర్ల దూరానికి, పోనూ రానూ 80 మీటర్లకు, ఎనిమిదిన్నర వోల్టుల దాకా దారిలోనే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ నష్టం ఐదు వోల్టుల చిల్లరకు తగ్గుతుంది. వోల్టేజీ 230 ఉన్న రోజున ఈ తేడా పెద్దగా తెలియదు. మే నెల రాత్రి అన్ని ఫ్లాట్లలో ఏసీలు నడిచి ప్యానెల్ దగ్గరే 205కి దిగిన రోజున తెలుస్తుంది. చార్జర్ కరెంటు తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. పొద్దున లేచి చూస్తే నలభై శాతం దగ్గరే ఉంటుంది. 4 ఎంఎం వేయించడానికి అయ్యే అదనపు ఖర్చు ఈ చికాకుతో పోలిస్తే ఎంతో కాదు. ముందుముందు 7.2 కిలోవాట్ల చార్జర్ పెట్టాలనుకుంటే మాత్రం కరెంటు 32 ఆంపియర్లు, ఇంత దూరానికి 10 ఎంఎం కేబుల్ కావాలి. ఖర్చు ఇంకో మెట్టు ఎక్కుతుంది.

ఇప్పుడు ఇంటి కరెంటు బిల్లు తీయండి. అందులో కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. మూడు పడగ్గదుల ఫ్లాటుకి 5 కిలోవాట్లు ఉందనుకుందాం. వేసవి రాత్రి రెండు ఏసీలు మూడు కిలోవాట్లు, ఫ్రిజ్జు, ఫ్యాన్లు కలిపి అర కిలోవాటు. దానికి కారు 3.3 చేరిస్తే 6.8 అవుతుంది. అంటే దాదాపు 30 ఆంపియర్లు. మెయిన్ ఎంసీబీ 32 ఆంపియర్లదైతే అప్పటికి నిలుస్తుంది. తెల్లారి ఐదింటికి ఎవరో గీజరు వేస్తారు, ఇంకో రెండు కిలోవాట్లు కలుస్తాయి, ఇల్లంతా చీకటి. ఇలా అప్పుడప్పుడు ట్రిప్ అవుతుంటే కొందరు 32 తీసేసి 63 ఆంపియర్ల ఎంసీబీ బిగిస్తారు. అది చేయకూడని పని. ఎంసీబీ పెరిగింది గానీ దాని వెనక ఉన్న వైరు పెరగలేదు.

సరైన దారి రెండున్నది. మొదటిది ఖర్చు లేనిది. చార్జింగ్ మొదలయ్యే వేళని కారు స్క్రీన్ మీదో ఫోన్ యాప్‌లోనో రాత్రి ఒంటిగంటకు పెట్టుకోవడం. రెండు గంటల్లో ముగిసేదానికి గీజరు వేళతో పేచీ ఉండదు. రెండోది, డిస్కమ్‌కి దరఖాస్తు పెట్టి లోడ్ పెంచుకోవడం. 5 నుంచి 9 కిలోవాట్లకు పెంచితే సాధారణంగా త్రీఫేజ్ మీటరుకి మార్చమంటారు. డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. మూడు ఫేజులు వచ్చాక ఏసీలు ఒకదాని మీద, కారు ఇంకోదాని మీద వేసుకుంటే ఇంట్లో ఎవరి పనికీ అడ్డం రాదు. పెంచకుండా వాడితే ఏమవుతుందంటారా? మీటరు గరిష్ఠ వాడకాన్ని రాసి పెట్టుకుంటుంది. అది కాంట్రాక్టెడ్ లోడ్‌ని మించుతూ పోతే ఏదో ఒక రోజు నోటీసు వస్తుంది. ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి కారు రాకముందే కట్టేయడం నయం.

చాలామంది మరచిపోయేది ఎర్తింగ్. ఇంట్లో ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ ఎర్త్ సరిగా లేకపోయినా నడుస్తూనే ఉంటాయి, మనకు తెలియదు. కారు చార్జర్ అలా ఊరుకోదు. ఎర్త్ దొరకకపోతే ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. పాత భవనాల్లో ఎర్త్ గుంతలు తవ్వి పదిహేనేళ్లయి ఉంటుంది, ఎవరూ నీళ్లు పోసిన పాపాన పోలేదు, రాగి పట్టీ తుప్పు పట్టి తెగి ఉంటుంది. పరీక్ష తేలిక. ఎలక్ట్రీషియన్‌ని మల్టీమీటర్ తెమ్మని, మీ స్లాట్‌కి దగ్గరున్న సాకెట్‌లో మూడు కొలతలు చూడండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఈ మూడోది పదో ఇరవయ్యో చూపిస్తే ఎర్త్ పాడైంది, లేదా ఎక్కడో న్యూట్రల్ వదులైంది. ఇదే పరీక్ష ఒకసారి పగలు, ఒకసారి ఏసీలు నడిచే రాత్రి పదకొండింటికి చేయించాలి. పగలు అర వోల్టు చూపించిన చోటే రాత్రికి ఎనిమిది చూపించవచ్చు. కొత్త ఎర్త్ గుంత తవ్వించడం పెద్ద ఖర్చేమీ కాదు గానీ సెల్లార్ నేల పగలగొట్టాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి.

సాకెట్ దగ్గర పెట్టే బాక్సులో 20 ఆంపియర్ల ఎంసీబీతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంటు ఎక్కడైనా లీకై మనిషి ఒంట్లోంచి పోతే తక్షణం తెంపేసేది అదే. దాన్ని మానేసి మిగిలినవన్నీ మంచివి కొన్నా లాభం లేదు. బాక్సు ఎత్తు కూడా ముఖ్యమే. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్నో సెల్లార్లు నిండిపోయాయి. మీ సెల్లార్‌లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో వాచ్‌మన్‌కి బాగా గుర్తుంటుంది, గోడ మీద మరక కూడా చూపిస్తాడు. ఆ మరకకు పైనే బాక్సు ఉండాలి. ఇక బిగించాక మొదటి వారం ఒక పని చేయండి. చార్జింగ్ మొదలుపెట్టి గంటయ్యాక ప్లగ్గు తొడుగు మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. పట్టుకోలేనంత కాలుతుంటే సాకెట్ లోపల స్క్రూ వదులైందన్నమాట. సాకెట్ కన్నాల చుట్టూ గోధుమ రంగు తిరగడం దాని తర్వాతి దశ. చాలా ప్రమాదాలు బ్యాటరీ దగ్గర కాదు, ఈ వదులు స్క్రూ దగ్గరే మొదలవుతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడటం ఎంత తప్పో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇంతవరకు మన పని. ఇక అసోసియేషన్. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, కారు చార్జింగ్‌కి విడి కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చింది. ఉన్న ఇంటి కనెక్షన్ మీదే చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఈ కాగితాలు చేతిలో పట్టుకుని మీటింగులో గొడవకు దిగేవాళ్లున్నారు. కానీ కేబుల్ పోయేది అందరి గోడల మీదుగా. సెక్రటరీ అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది: "ఇవాళ మీరు సార్, రేపు ఇంకో పదిమంది కొంటే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా?" దీనికి జవాబు వాదనలో దొరకదు, ప్యానెల్ మీద దొరుకుతుంది.

ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం. అది ఒక్కో ఫేజు మీద మోయగలిగింది 210 ఆంపియర్ల చిల్లర. కొంచెం ఊపిరాడేలా 200 దగ్గర ఆపుదాం. సెల్లార్‌లోని మెయిన్ ప్యానెల్ మీద ఆర్, వై, బి అని మూడు ఫేజులకు ఆంపియర్లు చూపించే మీటర్లుంటాయి. అవి పనిచేయకపోతే ఎలక్ట్రీషియన్ దగ్గర క్లాంప్ మీటరు ఉంటుంది. మే నెలలో బాగా ఉక్కపోసిన రాత్రి పదకొండింటికి చూస్తే వరసగా 150, 165, 120 ఉన్నాయనుకోండి. మిగిలిన జాగా 50, 35, 80. ఒక్కో కారు 14.5 ఆంపియర్ల చొప్పున లాగితే మొదటి ఫేజు మీద మూడు, రెండో దాని మీద రెండు, మూడో దాని మీద ఐదు, మొత్తం పది కార్లు ఒకేసారి చార్జ్ అవుతాయి, అదీ ఏడాదిలో అతి భారమైన వేళలో. అదే అందరూ 7.2 కిలోవాట్ల చార్జర్లు పెడితే, 32 ఆంపియర్ల చొప్పున, నాలుగు కార్లకే నిండిపోతుంది. అంటే సెక్రటరీ భయానికి మందు కార్లు ఆపడం కాదు, 3.3కి మించవద్దని, అర్ధరాత్రి దాటాకే మొదలుపెట్టాలని, కొత్త కారు ఏ ఫేజు మీదకు రావాలో ఎలక్ట్రీషియన్ రాసి పెట్టాలని తీర్మానం చేయడం. మొదటి కారు కొన్నవాడే ఈ మూడు అంకెలు చూపించి ఈ తీర్మానం పెట్టిస్తే తర్వాత వచ్చేవాళ్లతో తగువుండదు. మొదటివాడు 7.2 బిగించుకుని కూర్చుంటే మాత్రం ఐదోవాడికి మొండిచెయ్యే.

జనరేటర్ సంగతి ఇక్కడే అడిగేయాలి. కరెంటు పోయినప్పుడు ఫ్లాట్లకు రెండు లైట్లు, ఫ్యాన్లు ఇచ్చే లైను వేరుగా ఉంటుంది. కారు కేబుల్ పొరపాటున ఆ లైనులోంచి తీస్తే పక్కింటివాళ్లు డబ్బు పెట్టిన డీజిల్‌తో మన కారు చార్జ్ అవుతుంది, జనరేటర్ మీద భారమూ పడుతుంది. మన మీటరు తర్వాత, ఛేంజోవర్‌కి ముందే లైను తీయాలి. కామన్ మీటరు నుంచి తీసుకుని నెలకు ఇంతని కట్టేస్తానన్న ఒప్పందాలకు నేను వ్యతిరేకిని. ఆరు నెలలు బాగుంటుంది, ఆ తర్వాత లిఫ్టు బిల్లు పెరిగినా నిందలు కారు మీదే పడతాయి.

ఖర్చు ఏ మీటరు మీద తక్కువ? నెలకు 1,200 కిలోమీటర్లకు 190 యూనిట్లు అవుతాయి. ఇంట్లో ఇప్పటికే 250 యూనిట్లు కాలుతున్నాయంటే, తెలంగాణ స్లాబుల్లో ఈ 190 చేరాక చివరి యూనిట్లు తొమ్మిది, తొమ్మిదిన్నర రూపాయల మెట్టు మీద పడతాయి. బిల్లు పదహారు పదిహేడు వందలు పెరుగుతుంది. ఈవీ కేటగిరీలో విడి మీటరు తీసుకుంటే యూనిట్ 6 రూపాయల లెక్కన 1,140, దాని మీద ఫిక్స్‌డ్ చార్జీలు. నెలకు మిగిలేది నాలుగైదు వందలు. కొత్త కనెక్షన్‌కి అయ్యే ఖర్చు తిరిగి రావడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి తక్కువ తిరిగేవాళ్లు ఇంటి మీటరుతోనే మొదలుపెట్టడం మేలు. ఇంటి లోడ్ పెంచుకునే వీలు లేనివాళ్లకు, నెలకు రెండు వేల కిలోమీటర్లు దాటేవాళ్లకు విడి మీటరు పనికొస్తుంది.

ఇన్ని చూశాక ఎక్కడో ఒక దగ్గర తెగిపోయిందనుకుందాం. స్లాట్ మనది కాదు, లేదా అసోసియేషన్ ఒప్పుకోలేదు. అయినా కొనొచ్చా? బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గర 18 శాతం జీఎస్టీతో కలిపి యూనిట్ 22 రూపాయలు పడిందనుకున్నా, 1,200 కిలోమీటర్లకు 3,800 రూపాయల లోపే. లీటరు 107 చొప్పున, పదిహేను కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకి 8,500 దాటుతుంది. డబ్బు లెక్కలో ఇప్పటికీ లాభమే. కానీ వారానికి 280 కిలోమీటర్లకు 40 యూనిట్లు బయట ఎక్కించాలి. 30 కిలోవాట్ల చార్జర్ మీద గంటన్నర, ముందు ఇంకో కారు ఉంటే అంతకు రెట్టింపు. ఆఫీసులో చార్జర్ ఉన్నవాళ్లకు ఇది సమస్య కాదు. లేనివాళ్లు ఆదివారం పొద్దున ఇంటికి దగ్గర్లోని రెండు స్టేషన్లకు వెళ్లి, ఎన్ని గన్నులు పనిచేస్తున్నాయో, ఎంతమంది వరసలో ఉన్నారో చూసి రావాలి. నా మటుకు నేను చెప్పేదైతే, ఇంట్లోనూ ఆఫీసులోనూ రెండు చోట్లా సాకెట్ లేనివాళ్లు ఇప్పటికి హైబ్రిడ్ వైపు చూడటమే మంచిది.

సాకెట్ దొరికేలా ఉన్నవాళ్లు డీలర్‌తో ఒక షరతు పెట్టుకోవచ్చు. సాధారణంగా చార్జర్ బిగించే మనిషి సైట్ చూడటానికి వచ్చేది బుకింగ్ డబ్బు కట్టాక. అతను వచ్చి కుదరదంటే అడ్వాన్సు తిరిగిస్తామని బుకింగ్ ఫారం మీదే రాయించుకోండి. అతను వచ్చిన రోజు మీ దగ్గర నలభై మీటర్ల కొలత, కరెంటు బిల్లు, న్యూట్రల్–ఎర్త్ కొలతలు, అసోసియేషన్ తీర్మానం నకలు ఉంటే పని అరగంటలో తేలిపోతుంది.